పరువు తీసే పోస్టును రిపోర్ట్ చేసినప్పుడు ప్లాట్‌ఫారం ఏం చూస్తుంది, ఏం చూడదు

ప్రశ్న: "మా అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారిగా ఉన్నాను. మా ఫ్లాట్ల యజమానుల్లో ఒకాయన మా ఏరియా ఫేస్‌బుక్ గ్రూపులో నా ఫొటో, ఫోన్ నంబరు పెట్టి 'ఈ దొంగ లిఫ్టు రిపేరు పేరుతో నాలుగు లక్షలు మింగేశాడు' అని రాశారు. పచ్చి అబద్ధం. ఎన్నిసార్లు రిపోర్ట్ కొట్టినా 'మా ప్రమాణాలకు విరుద్ధంగా లేదు' అనే వస్తోంది. అబద్ధమని ఇంత స్పష్టంగా ఉన్నా ఎందుకు తీయరు? ఇప్పుడేం చేయాలి?"

నమస్కారం. నేను న్యాయవాదిని, ఇలాంటి ఫిర్యాదులు తరచుగా చూస్తుంటాను. ముందుగా సూటి జవాబు చెబుతాను. మీరు చెప్పేది నిజమా, ఆయన చెప్పేది నిజమా అన్నది ప్లాట్‌ఫారం తేల్చదు. రిపోర్ట్ బటన్ నొక్కితే అది చూసేది ఒక్కటే: ఆ పోస్టు తన సొంత నియమాల్లో దేన్నైనా మీరిందా, లేదా. ఆ నియమాల్లో "ఇది అబద్ధం" అన్న గడి మీకు పనికొచ్చే రూపంలో లేదు. కాబట్టి మీ మీద వచ్చిన పోస్టును రెండు ముక్కలుగా చూడాలి. ఫోన్ నంబరు బయటపెట్టడం పేజీని చూడగానే తేలిపోయే విషయం, దాన్ని గోప్యత నియమం కింద పంపాలి. డబ్బు తిన్నారన్న ఆరోపణ కాగితాలతో మాత్రమే తేలే విషయం, దాన్ని రిపోర్ట్ బటన్ ద్వారా కాకుండా పరువు నష్టానికి ఉన్న చట్టపరమైన ఫారం ద్వారా పంపాలి. అక్కడ కూడా కాదంటే మిగిలేది కోర్టు ఉత్తర్వు.

వాళ్లు ఎందుకు తేల్చరో తెలిస్తే తర్వాతి అడుగులు సులువుగా అర్థమవుతాయి. మన సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షన్, ఇతరులు రాసినదానికి ప్లాట్‌ఫారం బాధ్యత వహించనక్కర్లేదని కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. చట్టవిరుద్ధమైన రాత ఉందని "తెలిసిన" తర్వాత కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుంది. తెలియడమంటే ఏమిటన్నదే అసలు తగాదా. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీం కోర్టు దానికి అర్థం చెప్పింది: కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ అందితేనే తెలిసినట్టు, ఎవరో ఒకరు ఫిర్యాదు పంపినంత మాత్రాన కాదు. కోట్ల ఫిర్యాదుల్లో ఏది న్యాయమో ఒక ప్రైవేటు కంపెనీ తీర్పు చెప్పాలనడం సరికాదన్నది అక్కడి తర్కం. ఆ తర్కంతో నేను ఏకీభవిస్తాను. ఎందుకంటే ఇదే బటన్‌తో నిజంగా డబ్బు తిన్న కోశాధికారి కూడా తన మీద వచ్చిన నిజమైన పోస్టును తీయించుకోగలడు. అయితే దాని భారం మీలాంటివారి మీద పడుతోందన్నది కూడా అంతే నిజం.

చాలామందికి తెలియని ఇంకొక విషయం ఉంది. 2021 ఐటీ నిబంధనల్లో, వినియోగదారులు పెట్టకూడని రాతల జాబితాలో మొదట "పరువు నష్టం కలిగించేది" అన్న మాట ఉండేది. 2022 అక్టోబరు సవరణలో దాన్ని తీసేశారు. అందువల్ల "ఇది నా పరువుకు నష్టం" అని మాత్రమే రాసే ఫిర్యాదుకు ఆ నిబంధనల్లో నేరుగా పట్టు దొరకదు. ఇతరుల గోప్యతలోకి చొరబడేది, వేరొకరిలా నటించేది, పూర్తిగా అబద్ధమని తెలిసి కావాలని పంచేది వంటివి మాత్రం ఇంకా ఉన్నాయి. ఫిర్యాదు భాషను వాటి మీద నిలబెట్టాలి.

రిపోర్ట్ చేయడానికి ముందే ఆధారం భద్రపరచండి. ఇది అందరూ తలకిందులుగా చేస్తారు. పోస్టు పోతే ఆధారం కూడా పోతుంది, ఆ తర్వాత కేసు వేయడానికి చేతిలో ఏమీ మిగలదు. తొలగించిన సమాచారాన్ని 180 రోజులు దాచి ఉంచాలని నిబంధనలు ప్లాట్‌ఫారాలకు చెబుతున్నా, అది దర్యాప్తు అవసరాల కోసం. అది మీ చేతికి సులభంగా రాదు. కంప్యూటరులో పోస్టు తేదీ మీద నొక్కితే ఆ పోస్టు ఒక్కటే వేరే పేజీలో తెరుచుకుంటుంది, పైన కనిపించే పూర్తి లింకే మీకు కావలసినది. గ్రూపు లింకు ఇస్తే సరిపోదు. తేదీ, సమయం, లింకు, రాసినవారి పేరు ఒకే చట్రంలో పడేలా స్క్రీన్‌షాట్ తీయండి. రాసినవారి ప్రొఫైల్ లింకును కూడా విడిగా రాసుకోండి, పేరు రేపు మార్చుకోవచ్చు. కింద వచ్చిన వ్యాఖ్యల్లో మళ్లీ ఆరోపణ చేసినవి ఉంటే వాటి లింకులు వేరుగా తీసుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్క వ్యాఖ్యకు సొంత లింకు ఉంటుంది. కోర్టుకు వెళ్లవలసి వస్తే ఈ స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. కాబట్టి ఏ ఫోనులో, ఏ కంప్యూటరులో తీశారో గుర్తుంచుకుని ఆ పరికరాన్ని మార్చకుండా ఉంచండి.

ఇక ఫోన్ నంబరు సంగతి. ఈ ముక్కను గోప్యతా ఉల్లంఘన కింద రిపోర్ట్ చేయండి. పరువు, అబద్ధం, లిఫ్టు అన్న మాటలేవీ అక్కడ కలపవద్దు. చూసేవారికి కొన్ని క్షణాలే ఉంటాయి, ఆ క్షణాల్లో వారి కంటికి కనబడవలసినది "నా వ్యక్తిగత నంబరు నా అనుమతి లేకుండా ఇక్కడ ఉంది" అన్న ఒక్క వాక్యమే. ఫేస్‌బుక్ పోస్టును దిద్దదు, ఉంచితే మొత్తం ఉంచుతుంది, తీస్తే మొత్తం తీస్తుంది. కాబట్టి నంబరు కారణంగా తీస్తే ఆరోపణ కూడా దాంతోపాటే పోతుంది. మీరే ఆ నంబరును ఆ గ్రూపులోనో, మీ ప్రొఫైల్‌లోనో అందరికీ కనిపించేలా పెట్టి ఉంటే మాత్రం ఈ ఫిర్యాదు నిలవడం కష్టం, ముందు అది చూసుకోండి. ఫ్లాట్‌లోని మిగతావారి చేత, బంధువుల చేత రిపోర్టులు కొట్టించడం వల్ల ప్రయోజనం లేదు. నిర్ణయం రిపోర్టుల సంఖ్య మీద ఆధారపడదు. పైగా కొన్ని రకాల వేధింపులకు బాధితుడే స్వయంగా రిపోర్ట్ చేస్తేనే లెక్కలోకి తీసుకుంటారు.

గ్రూపు అడ్మిన్‌ను అడిగారో లేదో మీరు రాయలేదు. ఆయనకు ఆ పోస్టును తన గ్రూపు నుంచి వెంటనే తీసే అధికారం ఉంది, ఏ నియమమూ చూపించనక్కర్లేదు. బెదిరింపు లేకుండా, సంఘం లెక్కల కాగితం జతచేసి, మర్యాదగా రాసిన ఒక సందేశం చాలాసార్లు ఫారాలకన్నా ముందు పని చేస్తుంది.

ఆరోపణ విషయానికి వస్తే, మెటా, గూగుల్, యూట్యూబ్ వంటివాటికి పరువు నష్టం కోసం ప్రత్యేక చట్టపరమైన ఫారాలు ఉన్నాయి. వాటిని చదివేది నియమాల బృందం కాదు, చట్టపరమైన అభ్యర్థనలు చూసే బృందం. ఆ ఫారం అడిగేవి కొన్నే: ఏ దేశపు చట్టం, ఏ లింకు, సరిగ్గా ఏ మాటలు, అవి ఎందుకు అబద్ధం, కోర్టు ఉత్తర్వు ఏదైనా ఉందా. జనం ఎక్కువగా తప్పిపోయేది "ఏ మాటలు" దగ్గర. "ఈ మనిషి నా మీద కక్షతో నన్ను నానా మాటలు అన్నాడు, కుటుంబమంతా బాధపడుతోంది, దయచేసి తీయండి" అని రాస్తే అది ఎంత నిజమైన బాధ అయినా చదివేవారికి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మీ పోస్టులో ఉన్న మాటలనే తీసుకుందాం. "ఈ దొంగ" అన్నది తిట్టు. విడిగా చూస్తే దాన్ని అభిప్రాయంగా కొట్టిపారేయవచ్చు. "లిఫ్టు రిపేరు పేరుతో నాలుగు లక్షలు మింగేశాడు" అన్నది వాస్తవంగా చెప్పిన మాట: ఒక పని, ఒక మొత్తం, ఒక నేరం ఉన్నాయి, అది నిజమో కాదో కాగితంతో చూపవచ్చు. మీ ఫిర్యాదు పూర్తిగా ఈ వాక్యం మీదే నిలబడాలి. ఫారం ఇంగ్లీషులో నింపి, తెలుగు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో ఇచ్చి, "మింగేశాడు" అంటే ఇక్కడ నిధులు కాజేశాడని అర్థమని ఒక మాట రాయండి. యంత్రానువాదంలో ఆ నేరారోపణ కనబడకుండా పోవచ్చు. మీ దగ్గర ఉన్న కాగితాలను బట్టి విషయం దాదాపు ఇలా ఉండాలి:

"ఈ లింకులోని వాక్యం నేను లిఫ్టు మరమ్మతు నిధి నుంచి 4 లక్షల రూపాయలు సొంతానికి తీసుకున్నానని చెబుతోంది. ఇది అవాస్తవం. ఆ మొత్తం సంఘం బ్యాంకు ఖాతా నుంచి లిఫ్టు కంపెనీకి చెక్కు ద్వారా వెళ్లింది. చెక్కు మీద అధ్యక్షుడి సంతకం, నా సంతకం ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ పంక్తి, కంపెనీ ఇచ్చిన రసీదు, ఖర్చును ఆమోదించిన సర్వసభ్య సమావేశం మినిట్స్ జతచేశాను. పోస్టులో నా ఫొటో ఉన్నందున అది నా గురించేనని ఎవరికైనా తెలుస్తుంది. నేను ప్రజా పదవిలో లేను."

చివరి వాక్యం ఎందుకంటే, ఎన్నికైన నాయకులు, ప్రముఖుల మీద విమర్శకు ఎక్కువ చోటు ఇస్తారు. మీరు కొన్ని ఫ్లాట్ల సంఘానికి కోశాధికారి మాత్రమేనని చెప్పడం అవసరం. జతచేసే స్టేట్‌మెంటులో సంబంధం లేని పంక్తులు, ఖాతా నంబర్లు నల్లగా చెరిపేయండి. ఫిర్యాదు సారాంశం అవతలి వ్యక్తికి చేరవచ్చు. గూగుల్ అయితే తనకు వచ్చిన చట్టపరమైన అభ్యర్థనల ప్రతులను లూమెన్ అనే బహిరంగ డేటాబేసుకు పంపుతుంది. కాబట్టి లోకం చూడకూడని మాట ఏదీ ఫారంలో రాయవద్దు.

ఇంత పకడ్బందీగా రాసినా మూడు రకాల జవాబుల్లో ఏదైనా రావచ్చు. మొదటిది తిరస్కరణ, "కోర్టు ఉత్తర్వు తీసుకురండి" అన్న అర్థంలో. రెండోది, ఆ పోస్టును భారతదేశంలో మాత్రమే కనబడకుండా చేయడం. అలా చేస్తే హైదరాబాదులో కనబడదు గానీ డాలస్‌లో మీ బంధువులెవరైనా ఉంటే వారికి కనబడుతూనే ఉంటుంది. భారతదేశం నుంచి ఎక్కించిన రాతలను ప్రపంచమంతటా తీయాలని 2019 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం స్వామి రామ్‌దేవ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మీద కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. కాబట్టి దాన్ని సిద్ధమైన హక్కుగా భావించవద్దు. మూడోది పూర్తి తొలగింపు. ఇది ఎక్కువగా గోప్యత వంటి సొంత నియమం కూడా మీరినట్టు తేలినప్పుడే వస్తుంది.

తిరస్కరిస్తే తర్వాతి మెట్టు ఆ సంస్థ భారతదేశంలో నియమించిన గ్రీవెన్స్ ఆఫీసర్. ఈయన చిరునామా వాళ్ల సైట్లోనే ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. పరిష్కరించడానికి 2021 నాటి నిబంధనలు 15 రోజులు ఇచ్చాయి, తర్వాతి సవరణల్లో గడువులు మారాయి, మీరు వేసే రోజున అమల్లో ఉన్న పాఠాన్ని కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ సైట్లో చూసుకోండి. ఆయన జవాబు నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి gac.gov.in లో అప్పీలు వేయవచ్చు. అంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, న్యాయవాది అవసరం లేదు. అక్కడ కూడా మీ అప్పీలు గోప్యత మీద, తెలిసి చేసిన స్పష్టమైన అబద్ధం మీద నిలబడాలి గానీ పరువు అన్న ఒక్క మాట మీద కాదు. రిపోర్ట్ బటన్ నొక్కినప్పుడు వచ్చిన యంత్రపు జవాబు గ్రీవెన్స్ ఆఫీసర్ జవాబు కాదు. దాన్ని పట్టుకుని నేరుగా కమిటీకి వెళితే అప్పీలు అక్కడే ఆగిపోతుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక వ్యవహారం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక మహిళ ఉద్యోగినులకు హాస్టల్ నడిపేవారు. సరుకులు వేసే పాత వ్యాపారి ఒకడు, బకాయిల తగాదాలో, ఆమె ఫొటోతో, ఇంటి చిరునామాతో "అమ్మాయిలకు పాడైపోయిన బియ్యం పెడుతోంది" అని ఒక సామాజిక మాధ్యమంలో రాశాడు. ఆమె అబద్ధమని ఎన్ని రిపోర్టులు పంపినా కదలలేదు. ఇంటి చిరునామా గురించి మాత్రమే విడిగా పంపినప్పుడు పోస్టు పోయింది. కానీ కొన్నాళ్లకే చిరునామా లేకుండా, అదే బియ్యం మాటతో, అతను మళ్లీ పెట్టాడు. ఈసారి గోప్యత దారి మూసుకుపోయింది. చట్టపరమైన ఫారంలో సరుకు బిల్లులు జతచేసినా, బియ్యం నాణ్యత బిల్లుతో తేలదని భావించారో ఏమో, ఒప్పుకోలేదు. అప్పుడు అతనికే లీగల్ నోటీసు పంపాం. అందులో తిట్లు, బెదిరింపులు లేవు. అతని పోస్టు లింకు, సరిగ్గా ఏ వాక్యం, అది ఎందుకు అబద్ధం, ఎన్ని రోజుల్లో తీయాలి, తీయకపోతే ఏ దావా వేస్తామన్నది మాత్రమే ఉంది. బకాయి లెక్క కూడా పక్కనే తేల్చుకుందామన్నాం. అతను తీశాడు, తగాదా నిజానికి బకాయి గురించే గనుక. అందరి విషయంలో ఇలా జరగదు, కానీ రాసినవాడు ఎవరో తెలిసినప్పుడు ప్లాట్‌ఫారంతో పోరాడే ముందు అతనితో మాట్లాడటం మంచిదన్నది నా గట్టి అభిప్రాయం. నోటీసును కూడా అతను స్క్రీన్‌షాట్ తీసి పెడతాడని ముందే అనుకుని రాయించండి.

మీ మీద పోస్టు పెట్టిన ఫ్లాటు యజమాని విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా చెబుతూనే మినహాయింపులు ఇచ్చింది. ప్రజాహితం కోసం చెప్పిన నిజం నేరం కాదు. తన ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సద్భావంతో చేసిన ఆరోపణ, అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదు కూడా నేరం కాదు. ఆయన సంఘం సభ్యుడు, ఆ నాలుగు లక్షల్లో ఆయన వాటా కూడా ఉంది. లెక్క చూపమని ఆయన రాతపూర్వకంగా అడిగి, మీరు చూపకపోయి ఉంటే, ఆయన ఆ సద్భావపు వాదనే పట్టుకుంటారు. కాబట్టి ఇప్పటికైనా లిఫ్టు ఖర్చు కాగితాలన్నీ సభ్యులందరికీ రాతపూర్వకంగా పంపి, పంపినట్టు ఆధారం ఉంచుకోండి. ఆ తర్వాత కూడా ఆయన అదే మాట అంటే సద్భావం అన్న వాదన బాగా బలహీనపడుతుంది.

పోలీసు స్టేషనుకు వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం కాదు. మేజిస్ట్రేటు ముందు మీరే ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. దానివల్ల పోస్టు వెంటనే పోదు కూడా. ఎంత కాలం పట్టవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. విశాక ఇండస్ట్రీస్ తన మీద 2008లో ఇంటర్నెట్‌లో వచ్చిన రాతల గురించి సికింద్రాబాదు మేజిస్ట్రేటు కోర్టులో వేసిన ఫిర్యాదులో గూగుల్ ఇండియా కూడా ముద్దాయి. ఆ ఫిర్యాదును కొట్టేయాలన్న గూగుల్ అభ్యర్థన మీద సుప్రీం కోర్టు తీర్పు 2019 డిసెంబరు 10న వచ్చింది, అది కూడా విచారణ సాగవచ్చా లేదా అన్నంతవరకే.

పోస్టు పోవడమే మీకు ముఖ్యమైతే సివిల్ కోర్టులో దావా వేసి మధ్యంతర ఇంజంక్షన్, అంటే తుది తీర్పుకు ముందే పోస్టును తీయమనే తాత్కాలిక ఉత్తర్వు, కోరాలి. రాసినవారితోపాటు ప్లాట్‌ఫారాన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలి. ఉత్తర్వులో ప్రతి లింకూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఎందుకంటే అందులో ఉన్న లింకులే వాళ్లు తీస్తారు, "ఇలాంటివన్నీ తీయాలి" అన్న మాటతో పని జరగదు. ఉత్తర్వు అందాక వాళ్లకున్న గడువు గంటల్లోనే ఉంటుంది, అప్పటివరకు వారాలు సాగిన ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడితో ముగుస్తాయి. అయితే మధ్యంతర ఉత్తర్వు దానంతట అదే రాదు. 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ మధ్య కేసులో సుప్రీం కోర్టు, విచారణకు ముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు కారణాలు రాయకుండా ఇవ్వకూడదని హెచ్చరించింది. అది ఒక వార్తా సంస్థ వ్యాసం గురించే అయినా, కింది కోర్టులు ఇప్పుడు జాగ్రత్తగా ఉంటున్నాయి. అవతలి వ్యక్తి "నేను రాసింది నిజమని నిరూపిస్తాను" అని వాదిస్తే మీ బ్యాంకు పంక్తి, రసీదు, మినిట్స్ మొదటి రోజునే జడ్జి ముందు ఉండాలి.

నష్టపరిహారం కూడా కోరితే మీరు అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. కేవలం తొలగింపు కోరే దావాకు ఖర్చు తక్కువ. కానీ ఇప్పుడు పరిహారం వదిలేసి తర్వాత విడిగా వేద్దామనుకుంటే కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి, ఈ విషయం మీ న్యాయవాదితో మొదటే మాట్లాడండి. రాతరూపంలో జరిగిన పరువు నష్టానికి పరిహారం దావా వేయడానికి కాలపరిమితి ప్రచురణ నుంచి ఒక సంవత్సరమే. ఫారాలు, అప్పీళ్లు తిరుగుతూ ఉన్నంతకాలం ఆ సంవత్సరం ఆగదు. మీ మీద ఆ పోస్టు పెట్టిన తేదీ ఏమిటో మీరు రాయలేదు. అది చెబితే ఏ మెట్టు దగ్గర ఎన్నాళ్లు ఆగవచ్చో లెక్క వేసి చెప్పగలను.